ఫోన్‌లో రిపీట్ రిమైండర్లు: బిళ్లలు, బిల్లులు, పుట్టినరోజులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది కావలి. మా వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా సాయంత్రానికి మా అరుగు మీదికి వస్తుంది. వాటిలో సగం రిమైండర్ల గొడవే. రిమైండర్ పెట్టడం అందరికీ వచ్చు. పెట్టిన మొదటి నెల బాగానే మోగుతుంది, మూడో నెలకి తప్పుతుంది. విప్పి చూస్తే చాలాసార్లు తప్పు Repeat అన్న దగ్గరే ఉంటుంది. అందుకని ఇక్కడ ఎక్కువగా దాని గురించే రాశాను. ఆండ్రాయిడ్ ఫోన్, అందులో గూగుల్ క్యాలెండర్, మామూలు క్లాక్ యాప్ ఉన్నాయనుకుని చెబుతున్నాను. ఏ బిళ్ల ఎంత వేసుకోవాలన్నది మాత్రం మీ డాక్టరు చీటీ ప్రకారమే.

Repeatలో రోజూ, వారం, నెల, ఏడాది అని ఉన్నాయి కదా. ఒకటి నొక్కితే పోలేదా? ఇందులో ఆలోచించేదేముంది?

నొక్కే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. ఈ పనికి లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుంది?

కొన్ని పనులు తేదీని పట్టుకుని తిరుగుతాయి. క్రెడిట్ కార్డు గడువు, బీమా ప్రీమియం, పుట్టినరోజు ఇలాంటివి. వీటికి నెలకోసారి, ఏడాదికోసారి అన్నవి సరిపోతాయి. కొన్ని రోజుల లెక్కతో నడుస్తాయి. ఫోన్ రీఛార్జి 28 రోజులు, రోజు మార్చి రోజు వేసుకునే బిళ్ల ఈ రకం. వీటికి తేదీతో పని లేదు. ఇక మూడో రకం, ఇంకో పని జరిగాకే లెక్క మొదలయ్యేవి. రీడింగ్ తీసే మనిషి వచ్చి వెళ్లాకే కరెంటు బిల్లు గడువు తెలుస్తుంది. ఆ మనిషి ఎప్పుడొచ్చాడో ఫోన్‌కి తెలియదు కాబట్టి ఒక్క రిమైండర్‌తో పని జరగదు.

కింద ఉన్న ప్రశ్నలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరికే వస్తాయి.

రీఛార్జికి నెలనెలా రిమైండర్ పెట్టాను. అయినా అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. ఎందుకు?

మీది 28 రోజుల ప్యాక్ అయి ఉంటుంది. 2026 జనవరి 5న వేయించారనుకోండి. అక్కడి నుంచి 28 రోజులు లెక్కపెడితే ఫిబ్రవరి 2, తర్వాత మార్చి 2, తర్వాత మార్చి 30, ఆపైన ఏప్రిల్ 27. మీ రిమైండర్ ఏమో ప్రతి నెలా 5న మోగుతుంది. మొదటి నెలలోనే మూడు రోజులు వెనకబడిపోయింది. మార్చిలో రెండుసార్లు వేయించాల్సి వస్తుందన్న సంగతి నెలవారీ రిమైండర్‌కి తట్టదు. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు పడతాయి.

దీనికి తేలికైన దారి ఒకటుంది. 28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు. జనవరి 5 సోమవారం. ఆ తర్వాత చెప్పిన తేదీలన్నీ సోమవారాలే. కాబట్టి Repeatలో Custom నొక్కి, నాలుగు వారాలకోసారి అని పెట్టి, ఒకరోజు ముందుగా ఆదివారం ఎంచుకోండి. 56 రోజులదైతే ఎనిమిది వారాలు, 84 రోజులదైతే పన్నెండు. ఒకసారి ఆలస్యంగా బుధవారం వేయించారంటే మాత్రం లెక్క బుధవారం నుంచి కొత్తగా మొదలవుతుంది, రిమైండర్ కూడా మార్చాలి. ఈ ముక్క చాలామంది మర్చిపోతారు.

తేదీ మారకుండా నెలనెలా ఒకే రోజున రెన్యువల్ అయ్యే ప్లాన్ కనీసం ఒకటైనా ప్రతి కంపెనీ పెట్టాలని ట్రాయ్ 2022లో చెప్పింది. ఇంట్లో నాలుగు ఫోన్లు ఉండి ఈ లెక్కలు విసుగనిపిస్తే అలాంటి ప్లాన్ అడగండి.

రోజూ వేసుకునే బీపీ బిళ్లకి క్యాలెండర్ మంచిదా, అలారం మంచిదా?

అలారమే. క్యాలెండర్ రిమైండర్ ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. ఫోన్ సైలెంట్‌లో ఉంటే ఆ టింగు కూడా ఉండదు. క్లాక్ అలారం ఒక్క టింగుతో ఆగకుండా కాసేపు మోగుతూనే ఉంటుంది, మామూలుగా సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. క్లాక్‌లో టైము పెట్టి, ఏడు రోజులూ నొక్కి, Label దగ్గర తెలుగులో రాయండి. "బీపీ బిళ్ల 1, టిఫిన్ తర్వాత" అని రాస్తే సరిపోతుంది. "మెడిసిన్" అని మాత్రం రాయకండి. ఒకే ఇంట్లో నాలుగు మెడిసిన్లు ఉన్నప్పుడు ఆ మాటకి అర్థమే లేదు.

ఒక పూటకి ఒక్క అలారం చాలు. మా పిన్నికి పొద్దున బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, గ్యాసుకి ఒకటి అని మూడు పెట్టి ఉన్నాయి. మూడో రోజుకి ఆమె మోగినదల్లా మోగినట్టే నొక్కేస్తోంది. "ఏంది నాయనా ఇది, గుడిగంట మాదిరి" అంది. అవి తీసేసి, పరగడుపున ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి అని రెండే ఉంచాం.

టైము ఎంత పెట్టాలి?

డాక్టరు 1-0-1 అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. అందులో గంట ఎంతో ఉండదు. అది మీ ఇంటి అలవాటు చూసి మీరే పెట్టుకోవాలి. బిళ్లల డబ్బా దగ్గర, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో మనిషి ఏ వేళకి ఉంటారో అదే టైము. మా అమ్మ ఎనిమిదింటికి కూరగాయలకి పోతుంది. ఎనిమిదికి అలారం పెడితే అది బజారులో మోగుతుంది, ఆమె ఆపేస్తుంది, ఇంటికొచ్చేసరికి మర్చిపోతుంది. ఎనిమిదిన్నరకి మార్చాక తప్పడం మానింది. రాత్రి బిళ్లకి టీవీలో ఆమె చూసే సీరియల్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు.

థైరాయిడ్ బిళ్ల వేరు. అది పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ, టిఫిన్ తీసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ బిళ్లలకీ దానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాబట్టి దాని అలారం లేచిన వెంటనే, క్యాల్షియం అలారం మధ్యాహ్నం భోజనం దగ్గర పెట్టుకుంటే రెండూ కలవవు.

రోజు మార్చి రోజు వేసుకోమన్నారు. అలారంలో సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు పెట్టాను. సరేనా?

కాదు. ఆదివారం తర్వాత వెంటనే సోమవారం వస్తుంది, వరసగా రెండు రోజులు పడుతుంది. సరి తేదీలు, బేసి తేదీలు అనుకున్నా ఇదే చిక్కు. 31 బేసి, మర్నాడు 1 కూడా బేసే.

మామూలుగా క్లాక్ అలారంలో వారాల పేర్లే ఉంటాయి, రోజు మార్చి రోజు అన్నది ఉండదు. క్యాలెండర్‌లో అయితే Custom కింద రెండు రోజులకోసారి అని పెట్టొచ్చు. ఇది తేదీ చూడదు, వారం చూడదు, రోజులే లెక్కపెడుతుంది. పొద్దున మామూలు అలారం రోజూ మోగనివ్వండి. ఇవాళ వంతు ఉందా లేదా అన్నది క్యాలెండర్ చెబుతుంది. లేదంటే డాక్టరునే అడగండి, "సోమ, బుధ, శుక్ర వేసుకుంటే సరిపోతుందా" అని. కొన్ని మందులకి వాళ్లే అలా రాస్తారు. అప్పుడు అలారం చాలు.

వారానికోసారి వేసుకునే మందుకి ఎలా పెట్టాలి?

ఇక్కడ కాస్త నిలబడి చదవండి, ఎక్కువ నష్టం జరిగేది ఈ చోటే.

విటమిన్ డి 60 వేల యూనిట్ల పొడిగానీ క్యాప్సూల్‌గానీ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాయడం మామూలు. మా పెద్దత్తకి ఒంగోలులో అలాగే రాశారు. వాళ్లబ్బాయి ఫోన్‌లో ప్రతి ఆదివారం అని రిమైండర్ పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పుడు ఆపాలో పెట్టలేదు. రిమైండర్ మోగుతూనే ఉంది, ఆమె తెప్పించుకుని వేసుకుంటూనే ఉంది. పదకొండో వారం మందుల షాపాయన "ఇంకా ఎన్ని వారాలమ్మా?" అని అడిగాడు కాబట్టి ఆగింది. విటమిన్ డి కొవ్వులో కరిగే రకం, ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటుంది. నీళ్లలో కరిగే విటమిన్ల లాగా మర్నాటికి పోయేది కాదు.

ఆమెకి ఎలా పెట్టి ఉండాల్సిందో చెబుతాను. మొదటి డోసు 2026 జనవరి 4, ఆదివారం అనుకుందాం. క్యాలెండర్‌లో Custom, ఒక వారానికోసారి, ఆదివారం. దాని కిందే Ends అని ఉంటుంది. మొదట Never మీద ఉంటుంది, అసలు ముల్లు అక్కడే. దాన్ని After మీదకి మార్చి 8 అని వేయాలి. అప్పుడు జనవరి 4, 11, 18, 25, ఫిబ్రవరి 1, 8, 15, 22. ఫిబ్రవరి 22తో దానంతటదే ఆగిపోతుంది. టింగుమనే రిమైండర్ చాలదని క్లాక్ అలారం కూడా పెట్టుకుంటే, ఫిబ్రవరి 22న క్యాలెండర్‌లో ఇంకో ముక్క రాయండి: "ఇవాళ ఆఖరిది, ఆదివారం అలారం తీసెయ్యాలి". క్లాక్ అలారానికి ఎనిమిదిసార్లు మోగి ఆగడం సాధారణంగా తెలియదు.

ఇంకొకటి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని రోజువారీ బిళ్లల అలారంలో ఎప్పుడూ కలపకండి, రోజువారీ డబ్బాలో కూడా పెట్టకండి. లేబుల్‌లో వారం పేరు ఉండాలి: "మంగళవారం మాత్రమే, కీళ్ల బిళ్ల". రిమైండర్ పెట్టాక వచ్చే రెండు వారాల పేజీలు తిప్పి చూడండి. మంగళవారం తప్ప ఇంకెక్కడైనా కనపడిందంటే Repeat తప్పు పడినట్టే.

ఐదు రోజుల యాంటీబయాటిక్, రోజుకి రెండు పూటలా. ఐదు రోజులకి Ends పెట్టాను, ఒక బిళ్ల మిగిలింది.

మొదటిది రాత్రి వేసుకుని ఉంటారు. సాయంత్రం డాక్టరుకి చూపించుకుని వచ్చేవాళ్లందరికీ ఇదే జరుగుతుంది. పది బిళ్లలు, మొదటిది ఇవాళ రాత్రి అయితే ఆఖరిది ఆరో రోజు పొద్దున పడుతుంది. తేదీతో ఆపితే ఆ ఒక్కటి జారిపోతుంది. రెండు రిమైండర్లు విడిగా పెట్టండి. రాత్రిది ఇవాళ మొదలై 5 సార్లు, పొద్దునది రేపు మొదలై 5 సార్లు. ఆపడం తేదీతో కాకుండా ఎన్నిసార్లన్న లెక్కతో పెడితే మిగలదు.

SOS అని రాసిన బిళ్లకి కూడా పెట్టాలా?

వద్దు. అవసరమైతేనే అని దాని అర్థం. నొప్పి బిళ్లకి రోజూ అలారం పెడితే నొప్పి లేకపోయినా వేసుకుంటారు.

అలారం ఆపాను, కానీ బిళ్ల వేసుకున్నానో లేదో గుర్తు లేదు. ఇంకోటి వేసుకోవచ్చా?

గుర్తు లేదని మళ్లీ వేసుకోకండి. బీపీ, షుగరు బిళ్లలు రెండింతలు పడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మానేసిన పూటకి ఏం చేయాలన్నది మందుని బట్టి మారుతుంది, కాబట్టి ప్రతి బిళ్లకీ ముందే డాక్టరుని ఒకసారి అడిగి చీటీ వెనక రాసుకోండి.

అలారం ఆపడం వేరు, బిళ్ల మింగడం వేరు. ఫోన్‌కి తెలిసేది మొదటిదే. దీనికి ఫోన్‌లో మందు లేదు. మందుల షాపులో ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, ఒక్కో గది మీద ఒక్కో వారం పేరు ఉంటుంది. ఆదివారం కూర్చుని నింపుకోవడమే. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే లేనట్టు. మేం అలారం లేబుల్‌లోనే "గది చూసి" అని రాశాం. ఇంకో అలవాటు, బిళ్ల నోట్లో పడ్డాకే అలారం ఆపడం. మోగుతుంటే ఇంట్లో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

బిళ్లలు అయిపోయేలోగా కొనమని చెప్పే రిమైండర్ ఎన్నాళ్లకి పెట్టాలి?

నెలకోసారి పెడితే తప్పుతుంది. పదిహేనేసి బిళ్లల షీట్లు రెండు కొంటే 30 రోజులు వస్తాయి. ఏడాదికి పన్నెండుసార్లు కొంటే 360 బిళ్లలు, రోజులేమో 365. ఐదు రోజులు తక్కువ. ఆ ఐదు రోజులూ ఎప్పుడో ఒక ఆదివారం రాత్రి, షాపులు మూసేశాక బయటపడతాయి.

నాలుగు వారాలకోసారి అని పెట్టుకోండి. 28 రోజులకి 30 బిళ్లలు కొంటే ప్రతిసారీ రెండు మిగులుతాయి. తుఫాను వచ్చి రెండు రోజులు గడప దాటలేకపోయినా ఆ రెండూ ఆదుకుంటాయి. మా కోస్తాలో నవంబరు, డిసెంబరు నెలల్లో ఇది ఉత్తి మాట కాదు. ఏడాదికి 26 బిళ్లలు పోగవుతాయి కాబట్టి ఎప్పుడో ఒకసారి డబ్బా చూసుకుని కొనడం మానేస్తే లెక్క సరిపోతుంది. పాత షీట్లు ముందు వాడండి, తేదీ దాటిపోకుండా.

కరెంటు బిల్లుకి ఏ తేదీ పెట్టాలి?

ఇది మూడో రకం. రీడింగ్ ఒక నెల 4న తీస్తారు, ఇంకో నెల 8న. గడువు బిల్లు మీద అచ్చు వేసి ఉంటుంది, రీడింగ్ తేదీతో పాటే అదీ జరుగుతుంది. ప్రతి నెలా 18 అని కళ్లు మూసుకుని పెట్టుకుంటే ఒక నెల ముందుగా మోగుతుంది, ఒక నెల ఆలస్యంగా.

రెండు మెట్లుగా చేయండి. నెలనెలా 10న మోగే రిమైండర్ ఒకటి: "కరెంటు బిల్లు వచ్చిందా? గడువు ఎప్పుడు?" బిల్లు చేతికి రాగానే గడువుకి మూడు రోజుల ముందు తేదీకి, Repeat లేకుండా, ఆ నెలకి మాత్రమే ఇంకోటి. రెండోది పెట్టడానికి అర నిమిషం పడుతుంది. ఇంకా తేలికగా కావాలంటే, 10న మోగగానే బిల్లు చూసి అప్పుడే కట్టేయండి. నేను చేసేది అదే.

ఫోన్‌లో కట్టేవాళ్లకి ఒక మాట. నెల్లూరు జిల్లాలో అయితే ఏపీఎస్‌పీడీసీఎల్, ఒంగోలు వైపు అయితే ఏపీసీపీడీసీఎల్. రెండు ఊళ్లలో ఇళ్లున్నవాళ్లు రిమైండర్‌లోనే సంస్థ పేరు, సర్వీసు నంబరు రాసి పెట్టుకుంటే ప్రతి నెలా పాత బిల్లు కోసం బీరువా వెతకనక్కర్లేదు.

బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు సంగతి?

ఇవి తేదీని పట్టుకుని నడిచేవి, కాబట్టి సులువు. మూడు నెలలకోసారి కట్టే ప్రీమియం అయితే Customలో మూడు నెలలకోసారి. మోగాల్సింది గడువు రోజున కాదు, పది రోజుల ముందు. డబ్బు సర్దుకోవడానికి వ్యవధి కావాలిగా. జీవిత బీమాలో నెలవారీ ప్రీమియంకి 15 రోజులు, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది ప్రీమియంలకి 30 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ అదనపు గడువుకి మాత్రం రిమైండర్ పెట్టుకోకండి. అలా పెట్టుకుంటే అదే అసలు గడువైపోతుంది.

అకౌంట్ నుంచి దానంతటదే కోసుకునేలా పెట్టుకున్నవాళ్లకి కూడా రిమైండర్ కావాలి. రెండు రోజుల ముందు, "అకౌంట్‌లో డబ్బులున్నాయా" అని. లేకపోతే చెల్లింపు వెనక్కి పోయి పైన జరిమానా పడుతుంది.

తేదీ 29, 30, 31లలో పడితే జాగ్రత్త. నెలనెలా 31న అని పెడితే క్యాలెండర్ దాన్ని 31 ఉన్న నెలల్లోనే చూపిస్తుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరు, ఫిబ్రవరి మాయం. నెలాఖరు పనులన్నీ 27కి పెట్టుకుంటే ఈ బాధే లేదు. మా వీధి చీటీ పాట నెలాఖరునే. 31కి పెట్టుకున్న ఒకాయన ఫిబ్రవరిలో పాటకే రాలేదు. ఇప్పటికీ ఆయన్ని చూసి నవ్వుతారు.

పుట్టినరోజులకి ఎలా? ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకి?

రోజంతా అన్నట్టు All day పెట్టి, ఏడాదికోసారి. రిమైండర్లు రెండు పెట్టుకోండి, ముందురోజు సాయంత్రం ఒకటి, ఆ రోజు పొద్దున ఒకటి. ముందురోజుది ఎందుకంటే కేకో, చీరో కొనడానికి. ఒక్కదానితో సరిపెడితే ఆఫీసులో ఉండగా మోగుతుంది, ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకుంటాం, అక్కడితో అయిపోతుంది. పేరు పక్కన పుట్టిన ఏడాది రాస్తే షష్టిపూర్తి ఎప్పుడో కూడా దొరుకుతుంది.

ఫిబ్రవరి 29న పెడితే 2028లో కనపడుతుంది, మళ్లీ 2032లో. ఆ మనిషి ఏ రోజు చేసుకుంటారో అడిగి 28నగానీ మార్చి 1నగానీ పెట్టండి.

మన పెద్దవాళ్లలో చాలామందికి సర్టిఫికెట్ తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటి. బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన జూలై 1 ఫోన్ కాంటాక్ట్‌లో ఉంటే, ఊరి వాళ్లు సగం మంది ఒకేరోజు పుట్టినట్టు క్యాలెండర్ చెబుతుంది. శుభాకాంక్షలు పంపే ముందు అడగడం మేలు.

మా తాతయ్య పుట్టినరోజు తిథి ప్రకారం చేస్తాం. తద్దినం కూడా తిథికే. ఏడాదికోసారి పెడితే చాలా?

చాలదు. ఏడాదికోసారి అన్నది ఇంగ్లీషు తేదీ లెక్క. విజయదశమి నాడు పుట్టిన మనిషిని తీసుకోండి. 2024లో విజయదశమి అక్టోబర్ 12. 2025లో అక్టోబర్ 2. 2026లో అక్టోబర్ 20. మొదటి ఏడాది పది రోజులు వెనక్కి జరిగింది, తర్వాత పద్దెనిమిది రోజులు ముందుకి గెంతింది. చాంద్రమాన సంవత్సరం మామూలుగా 354 రోజులుంటుంది, అందుకే వెనక్కి జరుగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి ఒక నెల చేరింది, అందుకే ముందుకి వెళ్లింది. నెల్లూరు రొట్టెల పండుగ మొహర్రం లెక్కతో వస్తుంది. ఆ క్యాలెండర్లో అధిక మాసం లేదు కాబట్టి అది ఎప్పుడూ వెనక్కే జరుగుతూ పోతుంది. ఈ రెండింటినీ పట్టుకునే మీట మామూలు Repeatలో లేదు.

మా ఇంట్లో పద్ధతి ఇది. ఉగాదికి కొత్త పంచాంగం వస్తుంది కదా, ఆ సాయంత్రం కూర్చుని ఆ ఏడాదికి తిథి పనులన్నీ ఒక్కొక్కటిగా, Repeat లేకుండా ఎక్కిస్తాం. తిథి రెండు రోజుల మీద పడితే ఏ రోజు తీసుకోవాలో పురోహితుణ్ణి అడుగుతాం. ఎక్కించాల్సినవాటి జాబితా ఒక నోట్‌లో ఉంటుంది: ఎవరు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి. ఉగాది కూడా తేదీ మారేదే కాబట్టి ఎక్కించే చివరి పని ఎప్పుడూ ఒకటే, వచ్చే ఏటి ఉగాదికి రిమైండర్.

మా అబ్బాయి డాలస్ నుంచి నా క్యాలెండర్‌లో బిళ్లల రిమైండర్ పెట్టాడు. ఎనిమిదింటికి మోగేది నవంబరు నుంచి తొమ్మిదికి మోగుతోంది.

ఈ మధ్య ఇది బాగా వస్తోంది. అబ్బాయి తన ఊరి టైములో రాత్రి 9:30కి అని పెట్టాడు. వేసవిలో అది మనకి పొద్దున 8. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి అదే 9:30 మనకి పొద్దున 9 అవుతుంది. మార్చిలో మళ్లీ 8కి వస్తుంది. ఫోన్ చెడిపోలేదు, లెక్క అక్కడి నుంచి నడుస్తోంది.

రిమైండర్ తెరిచి టైము కింద ఉన్న టైమ్‌జోన్‌ని India Standard Time మీదకి మార్చి, పొద్దున 8 అని వేయమనండి. ఇంకా మేలు, అమ్మ ఫోన్‌లోనే క్లాక్ అలారం. క్లాక్ అలారానికి డాలస్‌తో సంబంధం లేదు.

అన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా మోగలేదు.

ముందు ఆ రిమైండర్ క్యాలెండర్‌లో ఆ రోజు కనపడుతోందా చూడండి. కనపడకపోతే Repeatలోనో Endsలోనో తప్పు. కనపడుతూ మోగకపోతే ఫోన్ ఆపేసినట్టు. అప్పుడు యాప్‌కి నోటిఫికేషన్ అనుమతి ఉందా, బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చిందా అని సెట్టింగ్స్‌లో చూడాలి. కొన్నాళ్లు తెరవని యాప్‌లని కొన్ని ఫోన్లు పడుకోబెట్టేస్తాయి. బ్యాటరీ దగ్గర ఆ యాప్‌ని Unrestricted చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అలారం మోగకపోతే అలారం సౌండు చూడండి. అది రింగ్‌టోన్ సౌండుకి వేరుగా ఉంటుంది, మనవడు గేమ్ ఆడుతూ తగ్గించేసి ఉంటాడు. ఫోన్ పూర్తిగా ఆఫ్ అయిపోతే చాలా ఫోన్లలో అలారం మోగదు, కాబట్టి రాత్రి ఛార్జింగ్ పెట్టాక స్విచ్ వేశారా లేదా చూసుకోండి. మా ఇంట్లో రెండుసార్లు ఇదే జరిగింది.

డాక్టరు డోసు మార్చారు. పాత రిమైండర్‌ని ఏం చేయాలి?

తెరిచి మారిస్తే ఫోన్ అడుగుతుంది: This event, This and following events, All events. మొదటిది నొక్కితే ఇవాళ ఒక్కరోజే మారుతుంది, రేపటి నుంచి మళ్లీ పాత డోసే చెబుతుంది. మూడోది నొక్కితే గడిచిన నెలల్లో కూడా కొత్త డోసు వేసుకున్నట్టు మారిపోతుంది, తర్వాత డాక్టరు "ఎప్పటి నుంచి మార్చాం?" అంటే చెప్పలేం. నొక్కాల్సింది మధ్యది. క్లాక్ అలారం అయితే ఈ బాధ లేదు, లేబుల్ దిద్దితే చాలు. కొత్త డోసు మొదలైన తేదీ మాత్రం చీటీ మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఏడు గదుల డబ్బా తెరిచి, ఆదివారం నింపిన పాత బిళ్లలు తీసేయండి. అలారం కొత్త డోసు చెబుతుంటే డబ్బాలో ఇంకా పాతదే ఉంటుంది.